లైకుల లెక్క వదిలేద్దామని టీమ్‌కి ఎలా చెప్పాలి?

ప్రశ్న: చిన్న, మధ్యతరహా కంపెనీలకు ఉద్యోగుల జీతాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థలో డిజిటల్ మార్కెటింగ్ టీమ్‌కి లీడ్‌ని. మేం ఆరుగురం. మా నెలవారీ రిపోర్టు మొదటి పేజీలో ఇంప్రెషన్లు, లైకులు, ఫాలోవర్లు ఉంటాయి. మా డైరెక్టర్ బోర్డుకి చూపించేది కూడా అదే పేజీ. ఆమధ్య మా టీమ్‌లో అందరికంటే చిన్నదైన అమ్మాయి, జీతం పడిన రోజు ఆఫీసులో ఉండే సందడి మీద ఒక రీల్ చేసింది. 12 లక్షల ఇంప్రెషన్లు, 31 వేల లైకులు వచ్చాయి. అందరి ముందూ చప్పట్లు కొట్టాం. తర్వాత నేను కూర్చుని లెక్క తీశాను. ఆ రీల్ నుంచి సైట్‌కి వచ్చినవాళ్లు 900 మంది, డెమో కోసం ఫారం నింపినవాళ్లు 11 మంది, కొన్న కంపెనీ ఒక్కటి. అదే నెలలో ఎవరూ పట్టించుకోని పోస్టు ఇంకొకటి ఉంది. నెల మధ్యలో చేరిన ఉద్యోగికి మొదటి జీతం ఎలా లెక్కగట్టాలో చెప్పే పోస్టు. దానికి 14 వేల ఇంప్రెషన్లే. కానీ 310 మంది సైట్‌కి వచ్చారు, 26 ఫారాలు వచ్చాయి, నాలుగు కంపెనీలు కొన్నాయి.

వచ్చే వారం టీమ్ మీటింగ్‌లో మాట్లాడదామని ఒక ప్రసంగం రాసుకున్నాను. ‘ఇంతకాలం మనం వెంటపడింది డొల్ల అంకెలు. ఇవాళ్టి నుంచి అమ్మకాలే లెక్క’ అని మొదలవుతుంది. మావారు చదివి, ‘ఇది విన్నాక ఆ అమ్మాయి ఉద్యోగం మానేస్తుంది’ అన్నారు. డైరెక్టర్‌గారికి ఇంకా చెప్పలేదు. చెబితే వద్దంటారేమో, చెప్పకుండా మాట్లాడితే ఆయన్ని వేలెత్తి చూపినట్టవుతుందేమో అని ఒకటే టెన్షన్. ఈ ప్రసంగం చెయ్యమంటారా, మానమంటారా?

— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు చూసిన తేడా నిజమే. అది పైకి రావాల్సిందే. కానీ మీరు రాసుకున్న మొదటి రెండు వాక్యాల్లో మొదటిది మనుషుల్ని నొప్పిస్తుంది, రెండోది లెక్కలో తప్పు. మనుషుల సంగతి తర్వాత చూద్దాం. ముందు లెక్క సరిచేసుకోండి. ఎందుకంటే మీటింగ్‌లో ఎవరైనా ఒక్క మంచి ప్రశ్న అడిగితే, ఇప్పుడున్న రూపంలో మీ వాదన నిలబడదు.

ఆ ప్రశ్న ఇలా ఉంటుంది: ‘ఒకటికి నాలుగు అంటున్నారు, అది యాదృచ్ఛికం కాదని ఏమిటి నమ్మకం?’ న్యాయమైన ప్రశ్నే. ఇంత చిన్న అంకెలు వచ్చే నెలకి తారుమారైనా ఆశ్చర్యం లేదు. పైగా జీతాల సాఫ్ట్‌వేర్ చూసిన రోజే కొనేసే వస్తువు కాదు. డెమో చూస్తారు, అకౌంట్స్ వాళ్లని అడుగుతారు, పాత లెక్కలన్నీ ఇందులోకి మార్చాలంటే ఎంత పనో ఆలోచిస్తారు. రీల్ వల్ల వచ్చిన 11 మందిలో ఇంకా ఆలోచిస్తున్నవాళ్లు ఉండొచ్చు. కాబట్టి అమ్మకాల అంకెని పక్కన పెట్టి, దానికి ఒక మెట్టు కింద చూడండి. రీల్ నుంచి సైట్‌కి వచ్చిన 900 మందిలో ఫారం నింపింది 11 మంది, అంటే నూటికి ఒకరి కంటే కాస్త ఎక్కువ. పోస్టు నుంచి వచ్చిన 310 మందిలో 26 మంది, అంటే నూటికి ఎనిమిది మందికి పైనే. ఈ తేడాని యాదృచ్ఛికం అని కొట్టిపారెయ్యడం కష్టం. మీ వాదనకి అసలు బలం ఇక్కడుంది.

ఇంత తేడా ఎందుకొచ్చిందో కూడా మీ దగ్గరే ఉంది. జీతం పడిన రోజు సందడి చూసి నవ్వుకున్నది జీతం తీసుకునేవాళ్లు. మీ సాఫ్ట్‌వేర్ కొనాల్సింది జీతం ఇచ్చేవాళ్లు. నెల మధ్యలో చేరిన ఉద్యోగికి ఎన్ని రోజుల జీతం కట్టాలి, సెలవు రోజులు కలపాలా వద్దా అని తల పట్టుకునే మనిషి ఏ కంపెనీలో అయినా ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ పోస్టు చదివింది వాళ్లు. నా మాట అలాగే తీసుకోకుండా ఒక పని చెయ్యండి. ఆ 37 ఫారాలూ ముందేసుకుని ఒక్కొక్కటీ చదవండి. నింపిన మనిషి హోదా ఏమిటి, కంపెనీలో ఎంతమంది పనిచేస్తారు, ఏం అడిగారు అన్నవి మూడు గడుల్లో రాయండి. గంట పని. మీ ప్రసంగంలో ఏ పేరాకీ లేని బలం ఆ కాగితానికి ఉంటుంది.

ఇప్పుడు ‘డొల్ల అంకెలు’ అన్న మాట గురించి. ఇంప్రెషన్ అబద్ధం కాదు. అది చెప్పేది చాలా తక్కువ, అంతే. తెర మీద ఒకసారి కనబడితే ఒక ఇంప్రెషన్. ఒకే మనిషికి మూడుసార్లు కనబడితే మూడు. ప్రకటనల రంగంలో ఒక డిస్‌ప్లే ప్రకటన ‘చూడదగ్గట్టు’ కనిపించిందని ఒప్పుకోవడానికి వాడే ప్రమాణం ప్రకారం, దాని పిక్సెళ్లలో సగం ఒక్క సెకను పాటు తెర మీద ఉంటే చాలు. కన్ను అటు పడిందా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు. పైగా ఈ అంకెల్ని ఎలా లెక్కపెట్టాలో నిర్ణయించేది మీరు కాదు. యూట్యూబ్ 2025 మార్చి 31 నుంచి షార్ట్స్‌లో వ్యూ లెక్కించే పద్ధతి మార్చింది. వీడియో ఆడటం మొదలైనా, మళ్లీ మొదటికొచ్చినా ఒక వ్యూ కిందే లెక్క, ఇంతసేపు చూడాలన్న షరతు లేదు. అలాంటి మార్పు జరిగినప్పుడు చూసే జనం అంతే ఉన్నా అంకె పెరుగుతుంది. ఈ సంగతి మీ డైరెక్టర్‌గారికి టీమ్ కంటే ఎక్కువ అవసరం. బోర్డు ముందు ఆయన చూపించే గ్రాఫు బయటి కంపెనీ ఒకటి రూలు మార్చినందుకు లేవడం, అదే రూలు మళ్లీ మారితే పడిపోవడం ఆయనకి ఎంతమాత్రం క్షేమం కాదు.

‘ఇవాళ్టి నుంచి అమ్మకాలే లెక్క’ అన్న వాక్యం మాత్రం తీసెయ్యండి. మీ టీమ్ చేతిలో ఉన్నది డెమో అడిగేదాకానే. ఆ తర్వాత సేల్స్ వాళ్లు ఎంత త్వరగా ఫోన్ చేశారు, డెమో ఎలా ఇచ్చారు, ధర ఎంత చెప్పారు, సాఫ్ట్‌వేర్‌లో వాళ్లు అడిగింది ఉందా అన్నవన్నీ కలిస్తేనే అమ్మకం. పోస్టు రాసే మనిషిని అమ్మకాలకి బాధ్యుణ్ని చేస్తే, మొదటి నెలే ‘సేల్స్ వాళ్లు ఫోన్లు చెయ్యలేదు’ అని మీవాళ్లు, ‘పనికిరాని లీడ్లు పంపారు’ అని వాళ్లు తగవు పడతారు. నేను చూసిన టీముల్లో ఈ మార్పు చెడిపోయింది ఎక్కువగా ఇక్కడే. లైకులు వదలడానికి పెద్దగా ఎవరూ పేచీ పెట్టరు. వాటి స్థానంలో తమ చేతిలో లేని అంకెని పెడితేనే ఎదురు తిరుగుతారు, తిరగడమూ న్యాయమే.

కాబట్టి మీ టీమ్‌కి పెట్టాల్సిన అంకె ‘సేల్స్ వాళ్లు ఒప్పుకున్న డెమో అభ్యర్థనలు’. ఇందులో ‘ఒప్పుకున్న’ అన్నది ముఖ్యం. ఉత్తి ఫారాల లెక్క పెడితే అది కొత్త లైకుల లెక్క అవుతుంది. బహుమతి ఇస్తామంటే వందల ఫారాలు వస్తాయి, వాటిలో కొనేవాళ్లు ఉండరు. ఏదైనా కొలతని లక్ష్యంగా పెట్టి ఒత్తిడి చేస్తే ఆ కొలత నమ్మదగ్గట్టు ఉండదని ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చెప్పిన మాట ఫారాలకీ వర్తిస్తుంది. అందుకే మీటింగ్ కంటే ముందే సేల్స్ హెడ్‌తో కూర్చోండి. ఎంతమంది ఉద్యోగులున్న కంపెనీ నుంచి వస్తే పనికొస్తుంది, ఫారం నింపిన మనిషికి కొనుగోలులో మాట చెల్లుబాటు ఉండాలా, ఎన్ని రోజుల్లో ఫోన్ చేస్తారు, కాదన్న లీడ్‌కి కారణం రాస్తారా అన్నవి మాట్లాడుకుని అరపేజీలో రాసుకోండి. ఆ కాగితం లేకుండా ప్రసంగం చెయ్యకండి.

కొలవడం దగ్గర మీరు పడబోయే గొయ్యి ఇంకొకటుంది. రీల్ నుంచి 900 మంది వచ్చారని మీకు తెలిసింది లింకు నొక్కారు కాబట్టి. రీల్ చూసి, వారం తర్వాత మీ కంపెనీ పేరు గూగుల్‌లో కొట్టి వచ్చినవాళ్లు ఈ లెక్కలో లేరు. వాళ్లు ‘సెర్చ్’ ఖాతాలోకి పోయారు. వాట్సాప్‌లో ఎవరో పంపిన మామూలు లింకు నొక్కినవాళ్లు చాలావరకు ‘డైరెక్ట్’ ఖాతాలో ఉంటారు. ఆఖరి క్లిక్ ఎవరిదో వాళ్లకే పేరు దక్కే లెక్క పెద్దవాళ్లనే మోసం చేసింది. ఈబే వాళ్లు తమ పేరు వెతికినవాళ్లకి చూపించే సెర్చ్ ప్రకటనల్ని ఆపి చూస్తే, ఆ ప్రకటన నొక్కి రావాల్సినవాళ్లు దాదాపు అందరూ కింద ఉన్న మామూలు ఫలితం నొక్కి వచ్చేశారు. ఆ పరిశోధన 2015లో అచ్చయింది. అంటే ఆ అమ్మకాలన్నీ ప్రకటన ఖాతాలో పడుతున్నా, ప్రకటన కొత్తగా తెచ్చినవాళ్లు బహు కొద్దిమంది. వ్యాపార ఫలితాలు చూస్తున్నాం కదా, ఇక తప్పు జరగదు అనుకోవడానికి లేదు.

మీ స్థాయిలో దీనికి చెయ్యగలిగింది రెండు పనులు. మొదటిది, ప్రతి పోస్టు లింకుకీ దానిదే అయిన గుర్తు తగిలించడం. ఇదిగో ఇలా:

```
?utm_source=instagram&utm_medium=social&utm_campaign=midmonth_salary
```

ఈ పేర్లు ఎలా రాయాలో ఒక షీట్‌లో పెట్టి, అందరూ దాన్నే వాడాలి. ఒకరు `instagram` అని, ఒకరు `Instagram` అని, ఇంకొకరు `insta` అని రాస్తే రిపోర్టులో అవి మూడు వేర్వేరు వరసలవుతాయి. నెలాఖరున వాటిని ఏరి కలపడానికే ఒక పూట పోతుంది. రెండోది, డెమో ఫారంలో ‘మా గురించి మీకు ఎలా తెలిసింది?’ అన్న గడి పెట్టడం. ఎంచుకునే జాబితా ఇవ్వకండి, ఖాళీ వదలండి. ‘ఆ జీతం రోజు వీడియో మా ఆఫీసు గ్రూపులో వచ్చింది’ లాంటి జవాబు ఏ డ్యాష్‌బోర్డూ చూపించదు. మీ రీల్‌కి నిజంగా విలువ ఉంటే అది బయటపడేది ఈ గడిలోనే. దాంతోపాటు సెర్చ్ కన్సోల్‌లో మీ కంపెనీ పేరు వెతికిన సంఖ్య రీల్ వచ్చిన రెండు మూడు వారాల్లో పెరిగిందా అని చూడండి. పెరిగి ఉంటే ఆ సంగతి దాచకుండా మీటింగ్‌లో మీరే చెప్పాలి.

ఇక మీ ముందున్న దారులు. ప్రసంగం చేసి ఆ రోజు నుంచే పాత అంకెలు తీసెయ్యడం ఒకటి. స్పష్టంగా ఉంటుంది, ఎవరికీ సందేహం మిగలదు. కానీ లింకు గుర్తులు లేవు, సేల్స్‌తో ఒప్పందం లేదు. వచ్చే నెల రిపోర్టు మొదటి పేజీ సగం ఖాళీగా ఉంటుంది. 12 లక్షలు చూసిన బోర్డుకి ఆ ఖాళీ చూస్తే, అంకెలు పడిపోయాయి కాబట్టి దాస్తున్నారన్న అనుమానం వస్తుంది. ఆ జవాబు చెప్పుకోవాల్సింది డైరెక్టర్‌గారు. ఆయనకి కోపం వస్తే తప్పు పట్టలేం.

రెండో దారి, మూడు నెలలు రెండు లెక్కలూ పక్కపక్కన నడపడం. పైన ఒప్పుకున్న డెమోలు, కింద చిన్న అక్షరాల్లో ఇంప్రెషన్లు. ఇది ఎవరినీ బెదరగొట్టదు, మీ సాఫ్ట్‌వేర్ అమ్ముడుపోవడానికి పట్టే కాలానికీ సరిపోతుంది. ఒక నెలలో వచ్చిన ఫారాలు కొనుగోలు దాకా ఎన్ని వెళ్లాయో చూడాలంటే ఆ నెల ఫారాల్నే చివరిదాకా వెంబడించాలి. ఈ నెల అమ్మకాల్ని ఈ నెల ఫారాలతో భాగిస్తే వచ్చే జవాబుకి అర్థం లేదు. ఈ దారిలో చిక్కు ఏమిటంటే, పక్కనే పెద్ద అంకె ఉన్నంతకాలం అందరి కళ్లూ అటే పోతాయి. ముగిసే తేదీ ముందే రాసుకోకపోతే మూడు నెలలు కాస్తా మూడేళ్లవుతుంది.

మూడోది, డైరెక్టర్‌గారి దాకా వెళ్లకుండా టీమ్ లోపల మాత్రమే కొత్త లెక్క పెట్టుకోవడం. గొడవ ఉండదు. కానీ మెప్పు, ఇంక్రిమెంటు పాత అంకెలకే వస్తూ, పని కొత్త అంకెల కోసం చెయ్యమంటే మీ టీమ్ ఎంతకాలం చేస్తుంది? ఆయన గట్టిగా వద్దన్నప్పుడు మాత్రమే ఈ దారి పట్టండి.

నా మొగ్గు రెండోదాని వైపు. అది చెయ్యాలంటే మీ భయం సంగతి ముందు తేల్చుకోవాలి. డైరెక్టర్‌గారిని మీటింగ్‌కి ముందు ఒంటరిగా కలవండి. ‘మన కొలతలు తప్పు’ అని మొదలుపెట్టకండి. ఆ ఫారాల కాగితం ఆయన ముందు పెట్టి, ‘బోర్డులో ఎవరైనా ఈ 12 లక్షల్లో ఎంతమంది కొన్నారని అడిగితే మన దగ్గర జవాబు ఉండాలి కదండీ, దానికోసం మూడు నెలలు ఇలా చూద్దామనుకుంటున్నాను’ అనండి. ఆయన స్లైడ్‌లోంచి మీరు ఏమీ తీసెయ్యడం లేదు, పైన ఒక వరస చేరుస్తున్నారు. దీనికి వద్దనే డైరెక్టర్లు తక్కువ. ఒకవేళ వద్దంటే, ఏ అంకె పడిపోతుందని ఆయన భయమో అడిగి తెలుసుకోండి. ఆయన మీద బోర్డు పెట్టిన లక్ష్యంలోనే ఇంప్రెషన్లు రాసి ఉండొచ్చు. అలాంటప్పుడు ఆ లక్ష్యం మారేదాకా ఆగడం తప్ప గత్యంతరం లేదు.

ఆ అమ్మాయితో కూడా మీటింగ్‌కి ముందే మాట్లాడాలి. అందరి ముందూ చప్పట్లు కొట్టినదాన్ని అందరి ముందే తీసెయ్యడం అన్యాయం. ఆమె తప్పేమీ లేదు. ఇంప్రెషన్లు తెమ్మని టీమ్ అడిగింది, ఆమె తెచ్చింది. మీవారు అన్నారని మీరు రాశారు చూడండి, ఆ మాట కొట్టిపారెయ్యదగ్గది కాదు. ఆమెకి మీరు నిజాయితీగా చెప్పగలిగింది ఒకటుంది. జనాన్ని వీడియో చివరిదాకా కూర్చోబెట్టడం ఆమెకి వచ్చు. ఆ నైపుణ్యాన్ని జీతం ఇచ్చేవాళ్ల కష్టం మీద పెట్టమనండి. నెలాఖరు రాత్రి ఎక్సెల్ షీట్‌లో ఒక్క అంకె తేడా వచ్చి, ఎక్కడ పొరపాటు జరిగిందో వెతుక్కుంటున్న అకౌంటెంట్ మీద రీల్ చేస్తే లైకులు 31 వేలు రాకపోవచ్చు. చూసినవాళ్లలో మీకు కావలసినవాళ్లు మాత్రం ఎక్కువమంది ఉంటారు. ఆ రీల్ ఆమే చేస్తానంటే, మీ మార్పుకి అంతకంటే మంచి మొదలు లేదు.

ఇవన్నీ అయ్యాక ప్రసంగానికి పెద్దగా మాటలు అక్కర్లేదు. నేనైతే ఇలా మాట్లాడతాను, మీ మాటల్లోకి మార్చుకోండి:

‘పోయిన నెల మనం చేసిన రెండు పనులు పక్కపక్కన పెట్టాను. రీల్‌ని చాలామంది చూశారు, పోస్టుని కొద్దిమంది చదివారు. ఫారాలు మాత్రం పోస్టుకి రెట్టింపు కంటే ఎక్కువ వచ్చాయి. ఎందుకో తెలుసుకోవడానికి ఫారాలన్నీ చదివాను. ఇదిగో కాగితం, మీరూ చూడండి. (ఇక్కడ ఆగి, వాళ్లని చదవనివ్వండి.) ఇంతకాలం మనల్ని ఇంప్రెషన్లు తెమ్మన్నారు, మనం తెచ్చాం. అందులో ఎవరి తప్పూ లేదు. ఇక నుంచి మూడు నెలలు ఇంకో ప్రశ్న అడుగుదాం: ఈ పని చూసి, మన సాఫ్ట్‌వేర్ అవసరమున్న కంపెనీలు ఎన్ని డెమో అడిగాయి? సేల్స్‌తో మాట్లాడాను. పనికొచ్చే డెమో అంటే ఏమిటో ఇందులో రాసి ఉంది. అమ్మకానికి మీరు బాధ్యులు కారు, సరైన మనిషిని గుమ్మం దాకా తేవడానికి బాధ్యులు. ఇంప్రెషన్లు మనం చూస్తూనే ఉంటాం. ఒక పోస్టు ఎందుకు ఆడలేదో తెలుసుకోవడానికి అవి కావాలి. మెచ్చుకోవడానికి, ఇంక్రిమెంటుకి మాత్రం వాటిని వాడం. ఈ లెక్కలో ఏం తప్పుందో ఇప్పుడే చెప్పండి.’

ఆ చివరి వాక్యం మర్యాదకి పెట్టింది కాదు, నిజంగా అడగండి. ‘రీల్ చూసి తర్వాత సెర్చ్‌లో వచ్చినవాళ్ల సంగతేమిటి?’ అని ఎవరైనా అడిగితే సంతోషించండి. ఫారంలో గడి, పేరు వెతికిన లెక్క చూపించి, ఆ రెండింటినీ నెలనెలా చూసే పని అడిగిన మనిషికే అప్పగించండి. ఇంక్రిమెంటు మాట మాత్రం డైరెక్టర్‌గారు ఒప్పుకున్నాకే అనండి. ఒప్పుకోకపోతే ఆ వాక్యం తీసెయ్యండి. మీ చేతిలో లేని దాని మీద మాట ఇవ్వకూడదు.

సేల్స్ హెడ్, డైరెక్టర్‌గారు, ఆ అమ్మాయి, ఈ ముగ్గురితో మాటలు వచ్చే వారంలోపు అవ్వకపోతే మీటింగ్‌లో మామూలు విషయాలు మాట్లాడి, ఈ ప్రసంగాన్ని ఆ పైవారానికి జరపండి. లింకు గుర్తుల షీట్, ఫారంలో ఖాళీ గడి మాత్రం రేపే పెట్టించండి. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక్కో వారం ఆలస్యమైతే ఆ వారం లెక్క ఇక ఎప్పటికీ దొరకదు.